‘పనిలో పనిగా’కు ఒక జవాబు

ఫ్రీలాన్స్ పనిలో ఒప్పుకున్న హద్దు ఒక్క రోజులో చెరిగిపోదు. ‘పనిలో పనిగా ఇదీ చూడండి’ అన్న ఫోనుతో మొదలై, వారానికో కొత్త కోరిక చేరుతుంది. ఇచ్చే డబ్బు మాత్రం మొదట అనుకున్న దగ్గరే ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్ని స్కోప్ క్రీప్ అంటారు. ఆ పేరు ఎన్నడూ వినని డీటీపీ కళాకారులకు కూడా ఈ అనుభవం బాగా తెలుసు. తెలుగులో సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునే రచయితకూ, ఇంటి దగ్గర కూర్చుని ఆ పుస్తకానికి పేజీ మేకప్ చేసే మనిషికీ మధ్య ఇది దాదాపు ప్రతి పుస్తకంలోనూ ఎదురవుతుంది. అప్పుడు రాయవలసిన మెయిల్ ఎలా ఉండాలో ఒక ఊహా ఉదాహరణ తీసుకుని చూడవచ్చు.

తెనాలిలో ఉండే ఒక విశ్రాంత అధ్యాపకుడు తన వ్యాసాలను పుస్తకంగా తేవాలనుకున్నారు. మేకప్ పని విజయవాడలో ఒక ఫ్రీలాన్సర్‌కు అప్పగించారు. టైపు చేసిన వ్యాసాలు ఆయన ఇస్తారు. డెమీ సైజులో 160 పేజీలు, పేజీకి రూ. 100. ముఖచిత్రానికి రూ. 4,000. రెండు ప్రూఫులు, చివర ప్రెస్సుకు పంపే పీడీఎఫ్. మొత్తం రూ. 20,000లో సగం అడ్వాన్సుగా వచ్చింది. ఇదంతా ఒక చిన్న మెయిల్‌లో రాసుకున్నారు.

రెండో ప్రూఫు వెళ్లాక కోరికలు మొదలయ్యాయి. కొత్తగా రెండు వ్యాసాలు వచ్చాయి, 22 పేజీలు. ఒక పెద్దాయన రాసిన ముందుమాట ఇంకో మూడు పేజీలు. ప్రూఫు మీద ఎర్ర సిరాతో 310 దిద్దుబాట్లు. ఆపై ఆవిష్కరణ సభకు ఆహ్వానపత్రం, వీలైతే ఈబుక్. ఆయన దృష్టిలో ఇవన్నీ ఒకే పుస్తకం పనులు. అందులో దురుద్దేశమేమీ లేదు. టైపు చేసిన కాగితం ఇచ్చాక దాన్ని పేజీలో పెట్టడానికి ఎంతసేపు పడుతుందో బయటివాళ్లకు తెలిసే అవకాశం తక్కువ. మధ్యలో ఒక వ్యాసం దూరితే ఆ తర్వాతి పేజీ నంబర్లన్నీ జరుగుతాయి. విషయసూచిక మళ్లీ చూడాలి. పేరా చివర ఒంటరిగా మిగిలిన పంక్తులు కొత్త చోట్ల తేలతాయి. పేజీలు పెరిగితే పుస్తకం లావెక్కుతుంది కనుక ముఖచిత్రంలో స్పైన్ వెడల్పు కూడా మారుతుంది. ముఖచిత్రాన్ని మళ్లీ తెరిచి సర్దవలసిందే.

ఇంత పనీ ఊరికే మీద పడిందన్న కోపంలో రాసే మొదటి మెయిల్ ఇలా ఉంటుంది:

> మాస్టారూ, మొదట అనుకున్నది 160 పేజీలు మాత్రమే. ఇప్పటికి ఎన్నిసార్లు మార్చారో లెక్కే లేదు. ప్రతిసారీ చిన్న మార్పే అంటున్నారు. నాకూ వేరే పనులున్నాయి. ఇకపై ఏ మార్పు చేయాలన్నా డబ్బు అదనంగా ఇవ్వాలి.

ఇందులో అబద్ధమేమీ లేదు. అయినా మెయిల్ పనిచేయదు. అదనంగా ఎంతో ఇందులో లేదు. ఎప్పటిలోగా తేల్చాలో లేదు. ఉన్నదల్లా నింద. చదివిన మనిషి నిందకే జవాబిస్తాడు. ‘నేనెప్పుడమ్మా అన్నిసార్లు మార్చాను?’ అన్న ప్రశ్నతో సంభాషణ పక్కదారి పడుతుంది, డబ్బు మాట వెనక్కిపోతుంది. ‘లెక్కే లేదు’ అనడం మరీ పెద్ద పొరపాటు. లెక్క ఉంటేనే అడిగే హక్కు ఉంటుంది.

కోపం చల్లారాక కొందరు రెండో చివరకు పోతారు:

> మాస్టారూ నమస్కారం. ఏమీ అనుకోనంటే ఒక్క మాట. పేజీలు కాస్త పెరిగాయి కదండీ. కొంచెం చూసి ఇప్పించండి. ఇబ్బందైతే పర్వాలేదు, మీరెలా అంటే అలాగే.

మర్యాదగానే ఉంది. కానీ చివరి వాక్యం ముందు అడిగిన దాన్ని కొట్టేసింది. ‘చూసి ఇప్పించండి’ అన్నప్పుడు ధర కట్టే బాధ్యత రచయిత మీద పడుతుంది. ఆయన ఆలోచించి, తనకు ఉదారంగా తోచిన రూ. 1,000 పంపుతారు. ఇచ్చానన్న తృప్తి ఆయనది. తీసుకున్న మనిషి మళ్లీ అడగలేదు. మెత్తని మెయిల్ చేసే నష్టం ఇదే. గొడవ రాదు, గొడవకు కారణమైనది అలాగే ఉండిపోతుంది.

మూడో మెయిల్ రాసే ముందు చేయవలసిన పని మాటల్లో లేదు, ప్రూఫు కాగితాల్లో ఉంది. ఆ 310 దిద్దుబాట్లూ ఒక్కటొక్కటిగా చూసి రెండు కుప్పలు చేయాలి. టైపు చేసి ఇచ్చిన దానిలో లేక, మేకప్‌లో పుట్టిన తప్పులు ఒక కుప్ప: జారిపోయిన పంక్తి, ఫాంటు మార్పిడిలో విరిగిన వత్తు, తప్పిన శీర్షిక. రచయిత మనసు మార్చుకుని తిరగరాసిన వాక్యాలు రెండో కుప్ప. మొదటిది సరిచేయడం మేకప్ చేసిన మనిషి బాధ్యత, దానికి డబ్బు అడగకూడదు. ఇక్కడ అవి 60 తేలాయనుకుందాం. మిగిలిన 250 రచయిత మార్పులు. ఈ లెక్క చూడకుండా మూడో ప్రూఫు మొత్తానికీ ధర వేస్తే, రచయిత ఒక్క విరిగిన వత్తును చూపించి లెక్కంతా తోసిపుచ్చగలరు.

రెండో లెక్క ప్రెస్సుది. పుస్తకం పేజీలు సాధారణంగా 16 పేజీల ఫారాలుగా అచ్చవుతాయి, అవసరమైతే చివర ఎనిమిది పేజీల అర ఫారం వేస్తారు. 160 పేజీలంటే సరిగ్గా పది ఫారాలు. కొత్త 25 పేజీలతో అది 185 అవుతుంది. పదకొండున్నర ఫారాలకు 184 పేజీలే. ఒక్క పేజీ ఎక్కువైనందుకు ఇంకో అర ఫారం ఖర్చు రచయిత మీద పడుతుంది. ఎక్కడో ఒక పేజీ సర్దగలిగితే ఆ ఖర్చు తప్పుతుంది. స్నేహభావం చూపడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. నాలుగు మెచ్చుకోలు మాటల కంటే ఈ ఒక్క పేజీ సర్దుబాటే తన మేలు కోరుతున్నారన్న నమ్మకం ఆయనకు కలిగిస్తుంది.

ఇప్పుడు మెయిల్:

> మాస్టారికి నమస్కారం.
>
> కొత్త వ్యాసాలు రెండూ చేరాయి. 26న సభ అన్నారు కనుక 14కల్లా ఫైలు ప్రెస్సులో ఉండాలి. ఆ తేదీ అందుకునేలా పని సర్దుతున్నాను.
>
> మనం మొదట 160 పేజీలు, రెండు ప్రూఫులు అనుకున్నాం. ఆ మెయిల్ కింద జతచేశాను. కొత్త వ్యాసాలు, ముందుమాట కలిసి 25 పేజీలు పెరిగాయి. మొత్తం 185 వస్తోంది. ఒక పేజీ సర్ది 184కు తెస్తాను, మీకు అర ఫారం ఖర్చు మిగులుతుంది. రెండో ప్రూఫులో 310 దిద్దుబాట్లున్నాయి. అందులో 60 నా వైపు తప్పులు, అవి నేనే సరిచేస్తాను. మిగిలిన 250 కొత్త మార్పులు.
>
> దీనికి రెండు దారులున్నాయి. అన్నీ ఈ పుస్తకంలోనే చేర్చేటట్లయితే 24 పేజీలకు రూ. 2,400, మార్పులకు ఒక్కోదానికి రూ. 8 చొప్పున రూ. 2,000, మొత్తం రూ. 4,400 అదనం. కొత్త వ్యాసాలు తర్వాతి పుస్తకానికి ఉంచుకుంటే ముందుమాటకు రూ. 300, మార్పులకు రూ. 2,000, మొత్తం రూ. 2,300. ముఖచిత్రం స్పైన్ సర్దడానికి ఏమీ అక్కర్లేదు.
>
> ఆహ్వానపత్రం విడిగా రూ. 1,500. ఈబుక్ సభ తర్వాత చూద్దాం, దానికి ఫైలంతా యూనికోడ్‌లోకి మార్చి మళ్లీ ప్రూఫు చదవాలి.
>
> ఏ దారో 5వ తేదీలోగా ఈ మెయిల్‌కే జవాబుగా రాయండి. జవాబు రాగానే పని మొదలుపెడతాను. 5 దాటితే 14న ప్రెస్సుకు పంపడం కష్టమవుతుంది.

ఈ మెయిల్‌లో ‘మీరు మార్చారు’ అన్న మాట ఎక్కడా లేదు. ‘పేజీలు పెరిగాయి’, ‘దిద్దుబాట్లున్నాయి’ అని ఉంది. తెలుగు వాక్యానికి ఉన్న ఈ సౌకర్యం ఇలాంటి చోట బాగా పనికొస్తుంది. జరిగింది చెప్పవచ్చు, చేసిన మనిషి వైపు వేలు చూపకుండానే. ‘క్షమించండి’, ‘ఏమీ అనుకోకండి’ కూడా లేవు. తన తప్పు 60 దిద్దుబాట్లంత ఉంది, అంతవరకే ఒప్పుకోలు. మిగిలినదానికి క్షమాపణ చెబితే ధర అడగడమే తప్పన్న భావం కలుగుతుంది.

గట్టితనం అంకెల్లోనూ తేదీలోనూ ఉంది. ‘జవాబు రాగానే పని మొదలుపెడతాను’ అన్న వాక్యంలో బెదిరింపు లేదు, కానీ జవాబు రాకుండా పని మొదలు కాదని అర్థమవుతుంది. తేదీ ఎవరి మొండితనం వల్లా వచ్చింది కాదు, సభ వల్ల వచ్చింది. రెండు దారులు చూపడం కూడా లెక్క ప్రకారమే. ఒకే ధర చెబితే రచయిత ఆలోచన ఇవ్వాలా వద్దా అన్నదాని చుట్టూ తిరుగుతుంది. రెండు చెబితే ఏది అన్న వైపు మళ్లుతుంది. అయితే చవకైన దారి నిజంగా చేయగలిగినదై ఉండాలి. తర్వాతి పుస్తకానికి ఉంచుకోవడం వీలే కనుక ఇక్కడ అది నిజమైన ఎంపిక.

ఉచితంగా ఇచ్చినది ఒక్కటే, స్పైన్ సర్దుబాటు. ఉచితమని చెప్పి మరీ ఇవ్వాలి. చెప్పకుండా చేసిన పని రెండో పుస్తకం నాటికి మామూలు హక్కుగా మారిపోతుంది. ఈబుక్‌కు ధర వేయకపోవడం కూడా కావాలని చేసిందే. అను ఫాంట్లలో ఉన్న వ్యాసాలు యూనికోడ్‌లోకి మారేటప్పుడు ఎన్ని అక్షరాలు చెదురుతాయో ఫైలు మార్చి చూస్తే గాని తెలియదు. చూడకుండా చెప్పిన ధర తిరిగి ఇదే గొడవకు దారి తీస్తుంది.

రచయిత మెయిల్‌కు జవాబివ్వకుండా ఫోను చేసే అవకాశమే ఎక్కువ. ‘అలాగే కానివ్వమ్మా, తర్వాత చూసుకుందాం’ అంటారు. అది అంగీకారమో వాయిదానో ఆ క్షణాన తేలదు. ఫోను పెట్టేసిన వెంటనే రెండు పంక్తులు పంపాలి: ‘ఇప్పుడు మాట్లాడుకున్నట్టు అన్నీ చేర్చి 184 పేజీలు, అదనం రూ. 4,400. సరే అని ఒక్క మాట రాస్తే పని మొదలుపెడతాను.’ భారత ఒప్పంద చట్టం 1872లోని 70వ సెక్షన్ ప్రకారం, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరికి చేసిన పని వల్ల అవతలివాళ్లు లాభం పొందితే దానికి తగిన పరిహారం ఇవ్వాలి. ప్రతిపాదన, అంగీకారం ఎలక్ట్రానిక్ రూపంలో జరిగాయన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టం 10ఎ సెక్షన్ చెబుతుంది. ఈ సెక్షన్లు మెయిల్‌లో ఎత్తకూడదు. ఎత్తిన క్షణంలో మాస్టారు ప్రతివాది అయిపోతారు. కానీ ‘ఇబ్బందైతే పర్వాలేదు’ అన్న వాక్యం ఉచితంగా చేసే ఉద్దేశానికి సాక్ష్యంగా కనిపించవచ్చు. రెండో ముసాయిదాను పక్కన పెట్టడానికి అదీ ఒక కారణమే.

మొదట ఏమీ రాసుకోకపోతే ఈ మెయిల్ ఇదే రూపంలో పనికిరాదు. ‘మనం అనుకున్నాం’ అనడానికి చూపించే కాగితం లేదు. అప్పుడు గతాన్ని వాదించే బదులు, ఇప్పటివరకు చేసినదాన్ని పాత ధరకే ఒప్పుకుని, చేయవలసినదానికి ఈ రోజు నుంచి లెక్క రాయడం మేలు. కొంత పోతుంది. పోయినదాని గురించి ఒక్క పంక్తి కూడా రాయకుండా, మిగిలిన పేజీలెన్ని, ప్రూఫులెన్ని, ధర ఎంత అని మాత్రమే రాయాలి.