పోయింది, వేసింది

అకర్మక క్రియలకు ఉదాహరణలు రాయమంటే మనం నవ్వు, ఏడ్చు, దూకు, రాలు, పగులు, ఎండు అని అన్నిటినీ ఒకే వరుసలో రాసేస్తాం. కర్మ లేదు కాబట్టి అకర్మకం. అంతటితో ఆ పాఠం అయిపోతుంది. మా అవ్వ మాత్రం వీటిని ఒకే వరుసలో పెట్టదు. ఆమె బడికి పోలేదు. తమిళనాట పుట్టి పెరిగింది కాబట్టి తెలుగు అక్షరాలు రావు. అయినా ఆకు "రాలిపోయింది" అంటుంది, గ్లాసు "పగిలిపోయింది" అంటుంది, పాప మాత్రం "నవ్వేసింది" అంటుంది. "ఆకు రాలేసింది" అని ఆమె నోట ఒక్కసారి కూడా వినలేదు.

ఈ తేడాకు భాషాశాస్త్రంలో పేరుంది. 1978లో డేవిడ్ పెర్ల్‌మటర్ అకర్మక క్రియలు రెండు జాతులని ప్రతిపాదించాడు. నవ్వు, దూకు వంటి వాటిలో ఉన్న ఒక్క నామం నిజంగా కర్త, పని చేసేది అదే. ఇవి అన్‌అర్గటివ్ క్రియలు. రాలు, పగులు వంటి వాటిలో ఆ నామం పైకి కర్తలా కనిపించినా లోపల కర్మ స్థానంలోది. ఇవి అన్‌అక్యూజటివ్. "గ్లాసు పగిలింది", "పాప గ్లాసు పగలగొట్టింది" అనే వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ గ్లాసుకు జరిగింది ఒక్కటే.

ఇటాలియన్‌లో ఈ తేడా సహాయక క్రియలోనే బయటపడుతుంది. "నవ్వింది" అనడానికి ఆవేరె వాడతారు, "పడింది" అనడానికి ఎస్సెరె వాడతారు. మనకు ఆ పని చాలావరకు పోవు, వేయు చేస్తాయి. తమిళంలో "విడు" రెండు వైపులా పోతుంది. "ఉడైంజిడుచ్చు" అంటారు, "సిరిచ్చిట్టా" అనీ అంటారు. రోజంతా బయట తమిళం వింటున్నా, మా ఇంట్లో "పగిలేసింది" అని ఎవరూ అనరు. మన ఇళ్ళ తెలుగు చెడిపోయిందనేవాళ్ళకు నేను చూపించేది ఇదే.

అయితే ఒక్క పరీక్షనే నమ్ముకుంటే చిక్కు. "బస్సు వచ్చేసింది" అంటాం కదా, మరి వచ్చు ఏ జాతి? ఇక్కడ ఇంకో రెండు పరీక్షలు కావాలి.

మొదటిది "ఉంది" పరీక్ష. జరిగినదాని ఫలితం ఇప్పుడు కంటికి కనిపిస్తుంటే "అద్దం పగిలి ఉంది", "ఆకులు రాలి ఉన్నాయి" అంటాం. "పాప నవ్వి ఉంది" అనం. "నవ్వి ఉంటుంది" అంటే అది మన ఊహ మాత్రమే, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. రెండోది, క్రియలోంచి పుట్టిన నామాన్నే దానికి కర్మగా ఇవ్వడం. "ఒక నవ్వు నవ్వింది", "ఒక దూకు దూకింది" బాగుంటాయి. "ఆకు ఒక రాలడం రాలింది" అంటే పక్కవాళ్ళు మన మొహం చూస్తారు.

ఇప్పుడు వచ్చు సంగతి చూద్దాం. "ఉత్తరం వచ్చి ఉంది" అనవచ్చు. "ఒక రాక వచ్చింది" అనలేం. రెండు పరీక్షలూ అన్‌అక్యూజటివ్ అంటున్నాయి. మరి "వచ్చేసింది" ఎందుకు? పోవుకు వెళ్ళడమనే సొంత అర్థం ఇంకా మిగిలే ఉంది. "వచ్చిపోయింది" అంటే వచ్చి వెళ్ళిందని అవుతుంది. అందుకే ఆ చోటు వేయుకు దక్కింది. "నలుగురూ నవ్విపోతారు" అనేదీ అంతే. అక్కడ పోవు ఉన్నా "నవ్వి ఉన్నారు" అనం, "ఒక నవ్వు నవ్వారు" అంటాం. కాబట్టి నవ్వు అన్‌అర్గటివే. "పడేసింది" కూడా మోసం చేస్తుంది. అది పడి, వేయు కాదు, పడ, వేయు. దేన్ని పడేసిందో చెప్పాలి, అంటే అది సకర్మకం.

నామం పరీక్షకూ ఒక గండి ఉంది. "ఎలుక చచ్చిపోయింది", "ఎలుక చచ్చి ఉంది" రెండూ సరే, అంటే చచ్చు అన్‌అక్యూజటివ్. అయినా "కుక్క చావు చచ్చాడు" అని తిడతాం. ఇక్కడ చావు ముందు ఏదో ఒక విశేషణం తప్పదు, చచ్చిన తీరు చెప్పడానికే ఆ మాట వస్తుంది. అందుకే మూడు పరీక్షలూ పెట్టి, ఏదైనా అడ్డం తిరిగితే ఎందుకు తిరిగిందో వెతకాలి.

చివరగా మెరియు. "చీర మెరిసిపోతోంది" అంటాం, "చీర మెరిసి ఉంది" అనం. ఒక పరీక్ష ఇటు లాగుతోంది, ఒకటి అటు. వెలుగునీ చప్పుడునీ బయటికి వదిలే క్రియలు చాలా భాషల్లో ఇలాగే గట్టు మీద నిలబడతాయి. ఈ వారం మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు మెరియు, మోగు, వెలుగు అనే మాటల తర్వాత ఏం చేరుస్తున్నారో విని, ఈ కాగితం కింద రాసి అంటించండి. అడిగి చెప్పించుకోవద్దు, ఊరికే వినండి. అడిగితే అందరూ ఆలోచించి మాట్లాడతారు.