వృద్ధుల చేతికి పేకముక్కలు

పేకాట యనగానే మన పాఠకులలో కొందరు ముఖము చిట్లింతురు. పందెపు పేకాటవలన చెడిన కుటుంబములను మేమును ఎరుగుదుము. దానిని సమర్థించుట మా యుద్దేశము కాదు. పైసా పందెము లేక, రాత్రి భోజనానంతరము ఇంటిల్లిపాదియు కూర్చుండి యాడుకొను రమ్మీని గూర్చియే వ్రాయుచున్నాము. అట్టి యాటనుండి సయితము పెద్దలు మెల్లగా తొలగిపోవుదురు. ఇంటివారు దానిని వైరాగ్యమని తలచి యూరకుందురు.

మా మేనత్తగారికి డెబ్బదినాలుగేండ్లు. పదమూడు ముక్కల రమ్మీలో ఆమెను ఓడించుట మా యింట నెవరికిని సులభము కాదు. అట్టి యామె యొకనాడు "నాకింక పేకమీద మనసు లేదు నాయనా, మీరాడుకోండి" అనెను. మనసు లేనివారు లేచిపోదురు గదా! ఆమె ప్రక్కనే కూర్చుండి యితరుల ముక్కలు చూచి సలహాలు చెప్పుచుండెను. అందుచేత బలవంతపెట్టి నాలుగాటలు ఆడించి, శ్రద్ధగా గమనించితిమి. ఆరును తొమ్మిదిని పోల్చుకొనుటకు ముక్కను దీపమువైపు త్రిప్పుచుండెను. డైమను ఎనిమిదిని ఆటీను వరుసలో చేర్చి షో చెప్పెను. ముక్కలన్నిటిని విసనకఱ్ఱవలె విప్పి పట్టుకొనలేక సగము ఒడిలో బోర్లించుకొనెను. మొదటి రెండును కంటి లోపములు. మూడవది బొటనవ్రేలి మొదటి కీలునొప్పి. బుద్ధికి లోపమేమియు లేదు.

కంటివైద్యుడు చూచి, శుక్లము ముదురుచున్నదనియు, శస్త్రచికిత్సకు కొంతకాలము ఆగవచ్చుననియు చెప్పెను. అంతవరకు పనికివచ్చుటకై పెద్ద యంకెల పేక తెప్పించితిమి. ఇందు ముక్క పరిమాణము మామూలుదే. మూలనున్న యంకెయు గుర్తును మాత్రమే పెద్దవి. రమ్మీకి రెండు పేకలు కలుపవలెను గనుక రెండును ఒకే రకము కొనవలెను. లేనిచో వెనుకవైపు చూచియే యే పేక ముక్కయో యితరులు కనిపెట్టుదురు. నాలుగు జాతులకు నాలుగు రంగులు వేసిన పేకలును గలవు. వానిలో డైమను నీలముగను, కళావరు పచ్చగను ఉండును. అయితే శుక్లము పట్టిన కన్ను పసుపు అద్దములోనుండి చూచినట్లు చూచును; ముదురు నీలము దానికి నలుపువలె తోచును. కావున కొనుటకు ముందు, నీలపు డైమనును ఇస్పేటును ప్రక్కప్రక్కన పెట్టి, ఆడుచోటనే రాత్రి దీపము క్రింద చూపింపవలెను. దీపము ఎదుట నుండరాదు; నునుపైన ముక్కలమీద వెలుగు తళుక్కుమని అంకెను మ్రింగివేయును. ఆడువారి భుజము వెనుకనుండి వెలుగు పడవలెను.

చేతినొప్పికి మూలము బరువు కాదు, ఎడతెగక నొక్కి పట్టుట. అందుచేత వడ్రంగిచేత అడుగు పొడవుగల కఱ్ఱపీట చేయించితిమి. దానికి మెట్లవలె రెండు వరుసలు. వెనుక వరుస ముందుదానికంటె అంగుళమున్నర యెత్తు. ఒక్కొక్క వరుసలో అరంగుళము లోతుగల గాడి, కొంచెము వెనుకకు వాలునట్లు కోయవలెను. ముందు ఏడు, వెనుక ఆరు ముక్కలు నిలిపి, ప్రతిముక్కయొక్క యెడమ మూలయు అంగుళము వెడల్పున కనబడునట్లు పేర్చవచ్చును. వడ్రంగి మొదట గాడిని మరీ సన్నగా కోసెను. ముక్కను లాగుటకు మరల వ్రేళ్లతో బిగించి పట్టవలసివచ్చెను. గాడిని అంగుళములో ఎనిమిదవ వంతు చేయించిన తరువాత ముక్క తాకినంతనే లేచివచ్చెను. బల్లమీద దళసరి దుప్పటి పరచితిమి. మెత్తనిదానిమీద ముక్క యంచుక్రిందికి వ్రేలు పోవును, నున్నని బల్లమీద పోదు. ముక్కలు కలుపుటకు అన్నిటిని దుప్పటిపై బోర్లించి అరచేతితో కలియబెట్టిన చాలును.

ఇక నియమములు. పదమూడు ముక్కలను ఏడు చేయుదమని మా పిల్లలు సూచించిరి. ఆమె ఒప్పుకొనలేదు, ముక్కలు తగ్గినకొలది నేర్పునకు చోటు తగ్గి యదృష్టము పెరుగును. పీటమీదకూడ పదమూడు చూడలేనివారికే ఏడుముక్కల ఆట. మేము రెండు నియమములే చేర్చితిమి: పారవేయువారు "కళావరు ఏడు" అని ముక్క పేరు పైకి చెప్పవలెను, ఆ యాటకు జోకరుగా తీసిన ముక్కను చిన్న పీటమీద అందరికి కనబడునట్లు నిలుపవలెను. ఇవి ఆమెకొక్కతెకే గాక అందరికిని వర్తించును. ఒక్కరికే యిచ్చిన సడలింపును పెద్దలు దయయని గ్రహింతురు. దయతో గెలిచిన యాట వారికి రుచింపదు.

పీటకు తీర్పలేనిదియు గలదు. గంట దాటిన తరువాత ఆమె కన్ను అలసిపోవును. అప్పుడు మరల ఆరు తొమ్మిదిగా కనబడును. ఒకే ముక్కను రెండుసార్లు పైకెత్తి చూచినచో ఆట ముగింపవలసిన వేళ వచ్చెనని మేము గ్రహింతుము. లెక్క మాత్రము పూర్వపు లెక్కయే. ఓడిననాడు ఆమె తన పేర ఎనుబదియు వ్రాయించుకొనును. ఒకటి తగ్గించినను ఊరకుండదు.