సంచి అప్పగించే ముందు

మా తమ్ముడి మనవరాలు కిందటి నెలలో నాకొక వీడియో పంపింది. తొలిసారి తిరుమలకు నడిచి వెళ్ళే భక్తులకోసం ఎవరో యువకుడు శ్రద్ధగా చేసిన మార్గదర్శిని అది. ఆమె తన తల్లిదండ్రులను తీసుకొని అలిపిరి మెట్ల దారిన వెళ్ళబోతున్నది. తండ్రికి యాభై ఎనిమిదేళ్ళు, పన్నెండేళ్ళుగా మధుమేహం. "పెద్దతాతయ్యా, ఇందులో చెప్పినవన్నీ చేస్తే సరిపోతుందా?" అని అడిగింది.

వీడియో బాగానే ఉన్నది. సంప్రదాయ దుస్తులు ధరించాలని, కొండమీద ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు పనికిరావు గనుక స్టీలు సీసా తీసుకొనిపోవాలని, ఆధార్ కార్డు మరవవద్దని, వరుసలో ముందున్నవారిని దాటుకొని పోరాదని ఆ యువకుడు చక్కగా చెప్పాడు. వాటిని నేను మళ్ళీ చెప్పను. కాని రెండు చోట్ల నేను వీడియోను ఆపి వెనక్కు తిప్పి చూడవలసి వచ్చింది. ఆ రెండింటి గురించే ఈ వ్యాసం.

మొదటిది ఇది. "అలిపిరి దగ్గర సామాను కౌంటరులో మీ సంచులన్నీ అప్పగించేయండి, అవే కొండమీదికి వస్తాయి, మీరు చేతులూపుకుంటూ హాయిగా నడవండి" అన్నాడాయన. దేవస్థానం కల్పించిన ఈ సదుపాయం నిజంగా గొప్పది. అయితే ఆ సంచిలో ఏమేమి వెళ్ళిపోతున్నాయో ఒక్కసారి ఆలోచించండి. మాత్రల డబ్బా వెళ్ళిపోతుంది. బిస్కెట్లు వెళ్ళిపోతాయి. మందుల చీటీ వెళ్ళిపోతుంది. తరువాత క్యూ కాంప్లెక్సులోకి పోయేముందు సెల్‌ఫోను కూడా అప్పగిస్తారు. అంటే అలిపిరిలో మొదటి మెట్టెక్కింది మొదలు దర్శనం ముగించుకొని సంచి తిరిగి చేతికందేవరకు, మీ జబ్బు మీతోనే ఉంటుంది గాని మీ మందు మీతో ఉండదు. రద్దీ రోజులలో ఈ వ్యవధి ఒక పగలు, ఒక రాత్రి కూడా కావచ్చు.

నేను సర్వీసులో ఉన్న రోజులలో ఒకసారి బ్రహ్మోత్సవాలకు డిప్యుటేషన్‌పై కొండమీద వైద్య శిబిరంలో పనిచేశాను. ఒకనాటి సాయంత్రం నాలుగు గంటల వేళ, అరవై రెండేళ్ళ విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి స్ట్రెచరుపై తీసుకొని వచ్చారు. ఒళ్ళంతా చెమట, చొక్కా పిండితే నీళ్ళు కారేట్లున్నది. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని పేరడిగితే చెప్పడు, చేయి పట్టుకుంటే విదిలిస్తాడు. ఆయన భార్య మాత్రం చేతులు జోడించి, "గంటసేపటినుండి ఇలాగే ఏదో మాట్లాడుతున్నారండీ. స్వామి ఆవహించాడని అందరూ అంటే నేనూ దండం పెట్టుకుంటూ కూర్చున్నాను" అన్నది.

వేలు గుచ్చి చూస్తే రక్తంలో చక్కెర 38 మిల్లీగ్రాములు ఉన్నది. 70కి దిగువ ఉంటేనే తక్కువ అంటాం. 38 అంటే మెదడుకు ఆహారం అందడం లేదన్నమాట. 25 శాతం డెక్స్‌ట్రోజ్ నరానికి ఎక్కించగా, సూది తీయకముందే ఆయన కళ్ళు నిలిపి నన్ను చూసి, "నేను క్యూలో కదా ఉండాలి?" అన్నారు.

జరిగిన కథ ఇది. దర్శనమయ్యేవరకు ఏమీ తినననేది ఆయన మొక్కు. కాని మధుమేహపు మాత్ర మానరాదని వైద్యుడు ఎప్పుడో చెప్పిన మాట గట్టిగా గుర్తుంది. అందుచేత తెల్లవారుజామున ఐదున్నరకు గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర వేసుకొని, చక్కెర లేని కాఫీ తాగి, మెట్లెక్కడం మొదలుపెట్టారు. అలిపిరి దారిలో మూడువేల అయిదువందలకు పైగా మెట్లున్నాయి. అన్ని మెట్లెక్కే కండరాలు రక్తంలోని చక్కెరను గుంజుకుంటాయి. నడక ఆగిన తరువాత కూడా కొన్ని గంటలపాటు గుంజుకుంటూనే ఉంటాయి. మరోప్రక్క ఈ జాతి మాత్ర, తిన్నా తినకపోయినా క్లోమగ్రంథిని పిండి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు కంపార్ట్‌మెంటులో కూర్చున్నారు. అక్కడ పాలు, అన్నప్రసాదం ఇచ్చారు. మొక్కున్నది గనుక ఆయన పుచ్చుకోలేదు. మూడు గంటలకు చేతులు వణికాయి, తల తిరిగింది, భార్యపై అకారణంగా విసుక్కున్నారు. ఆ తరువాత ఆయనకేమీ గుర్తులేదు. ఆమె తెచ్చుకున్న గ్లూకోజు పొడి పొట్లం సంచిలో భద్రంగా ఉన్నది. సంచి కౌంటరులో ఉన్నది.

తేరుకోగానే వెళ్తానన్నారు. నేను పంపలేదు. ఆ మాత్ర ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది గనుక చక్కెర ఒకసారి పెరిగినా మళ్ళీ పడిపోతుంది. అనుకున్నట్లే రాత్రి ఎనిమిదికి తిరిగి 61కి దిగింది. అప్పుడు ఆయన నన్నొక ప్రశ్న వేశారు: "డాక్టరుగారూ, నరంలోకి ఎక్కించిన చక్కెరతో నా ఉపవాసం చెడినట్లేనా?" వైద్య కళాశాలలో దీనికి జవాబు చెప్పలేదు. "తీర్థం పుచ్చుకున్నాననుకోండి మాస్టారూ" అన్నాను. ఆయన భార్య ఆ మాటకు ఏడ్చింది. మరునాడు ఆయన పెరుగన్నం తిని దర్శనానికి వెళ్ళారు.

మీరు గమనించవలసినది ఏమంటే, అందరి మాత్రలూ ఇలా చేయవు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చక్కెర ఇంతగా పడిపోవడం అరుదు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు జాగ్రత్తపడాలి. చాలామంది రెండు మూడు మందులు కలిసిన మాత్ర వాడుతుంటారు గనుక పేరు చదివి తెలుసుకోవాలి. ప్రయాణానికి వారం ముందు మీ వైద్యునితో, "ఆ రోజు ఇంతదూరం నడుస్తాను, భోజనం ఆలస్యమవుతుంది, ఉదయపు మోతాదు ఎంత వేసుకోవాలి?" అని స్పష్టంగా అడగండి. మాత్ర వేసుకొని ఉపవాసముండడం మాత్రం వద్దు.

ఇక, సంచిలో వెళ్ళిపోరానివి ఒంటిమీద ఎక్కడుండాలి? పంచె కట్టినవారికి జేబుండదు, చీర కట్టినవారికీ ఉండదు. మన పెద్దవాళ్ళు డబ్బులు రొంటిన దోపుకునేవారు. అదే చోట ఒక చిన్న గుడ్డసంచి కట్టుకోండి. అందులో ఒకరోజు మాత్రలు, గుండెజబ్బున్నవారైతే నాలుక కింద పెట్టుకునే మాత్ర, ఆస్తమా ఉన్నవారైతే ఇన్హేలరు, రెండు చిన్న పొట్లాలలో మూడేసి చెంచాల గ్లూకోజు పొడిగాని చక్కెరగాని ఉంచండి. ఇంకొక కాగితంపై మీ పేరు, వయస్సు, జబ్బు, మందుల పేర్లు, కొండమీదలేని ఒక బంధువు ఫోన్ నెంబరు వ్రాసి పెట్టుకోండి. ఫోన్లు కౌంటరులో ఉన్నప్పుడు, మాట పడిపోయిన మనిషి తరఫున మాట్లాడేది ఆ కాగితమే.

చెమట, వణుకు, ఆకలి, తికమక, అకారణమైన కోపం వీటిలో ఏ రెండు కనబడినా ఒక పొట్లం నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంటలో తేరుకోకపోతే రెండవది ఇవ్వండి. తేరుకున్నాక తప్పనిసరిగా ఏదైనా తినిపించండి. స్పృహలేనివారి నోట్లో మాత్రం ఏదీ పోయరాదు, అది ఊపిరితిత్తులలోకి పోతుంది. వెంటనే అక్కడి సిబ్బందిని పిలవాలి. చాలాసేపు నిలబడి కళ్ళు తిరిగి పడినవారు వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళెత్తితే ఒకటి రెండు నిమిషాలలో మామూలుగా మాట్లాడతారు. పడుకోబెట్టినా చెమట ఆగక, మాట తేటపడక ఉన్నదంటే అది చక్కెరకు సంబంధించినదేమో అని అనుమానించాలి.

ఇక నేను వీడియో ఆపిన రెండవ చోటు. "కంపార్ట్‌మెంటు తలుపు తీయగానే గోవిందా అంటూ జనంతోపాటు ముందుకు దూసుకుపోండి" అన్నాడు ఆ అబ్బాయి, నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొలిరోజు రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో 27 మంది మరణించారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవారిలో ఆరుగురు మరణించారు. ఈ రెండు చోట్లా జనం ప్రమాదానికి భయపడి పారిపోతున్నవారు కారు. దేనికోసమో ఎదురుచూస్తున్నవారు.

తొక్కిసలాట అంటాం గాని, ఇటువంటి మరణాలలో చాలా మటుకు కాళ్ళకింద పడినందువల్ల సంభవించేవి కావు. ఊపిరి తీసుకోవాలంటే పక్కటెముకలు విచ్చుకోవాలి. ముందూ వెనుకా మనుషులు అదిమితే అవి విచ్చుకోలేవు. మనిషి నిలబడినచోటనే, అరవడానికి కూడా గాలి చాలక, కొద్ది నిమిషాలలో స్పృహ తప్పుతాడు. వెనుకనున్న ఒక్కొక్కరూ తోసేది కొంచెమే. కాని అన్నీ కలిసి ముందు వరుసలోని మనిషి రొమ్ముమీద పడతాయి, అది వెనుకవారికి కనబడదు. వరుసలో తోయవద్దనడం మర్యాదకోసమే అనుకునేవారికి ఈ సంగతి చెప్పండి.

ఒక చదరపు మీటరులో ఐదారుగురు చేరితే ప్రమాదం మొదలైనట్లే. కొలవనక్కరలేదు. మీ చేతిని మీ ముఖందాకా ఎత్తలేకపోతున్నా, మీ ప్రమేయం లేకుండా శరీరం అలలా ముందుకూ వెనుకకూ ఊగుతున్నా, ఆ స్థితి వచ్చిందని తెలుసుకోండి. వెంటనే రెండు చేతులూ మడిచి రొమ్ముకు ముందు గోడలా పెట్టుకోండి. ఆ కాస్త ఖాళీయే మీ ఊపిరికి దారి. అలకు ఎదురు తిరగవద్దు. అది సద్దుమణిగిన క్షణంలో ఏటవాలుగా, పలుచగా ఉన్నవైపు ఒక్కొక్క అడుగు జరగండి. గోడకుగాని ఇనుప కమ్మీలకుగాని ఆనుకొని నిలబడవద్దు. ఏది కిందపడినా, అది బంగారమే అయినా, వంగి తీయవద్దు. పిల్లలను భుజాల ఎత్తుకు ఎత్తుకోండి.

అయినా కంపార్ట్‌మెంటు తలుపు దగ్గర ఇదంతా ఎందుకు? లోపలున్నవారందరినీ ఒకేసారి వదులుతారు. ముందు వెళ్ళినవారికి, వెనుక వెళ్ళినవారికి తేడా కొద్ది నిమిషాలు. తలుపు తీయగానే కూర్చున్నచోటనే ఉండి, తొలి ఉరవడి పోయాక పెద్దవారిని నడుమ ఉంచుకొని లేచి నడవండి. విడిపోతే బయట ఎక్కడ కలుసుకోవాలో, ఎంతసేపు ఆగాలో ఫోన్లు అప్పగించకముందే అనుకొని ఉంచండి.

ఇదంతా ఆ అమ్మాయికి ఉత్తరంలా వ్రాసి పంపాను. నిన్న ఫోన్ చేసింది. వాళ్ళ నాన్నగారి డాక్టరు ఆ ఒక్కరోజుకు ఉదయపు మాత్రను సగానికి తగ్గించి, దారిలో రెండుచోట్ల ఆగి తినమన్నారట. రొంటిసంచులు మూడూ వాళ్ళమ్మ జాకెట్టుగుడ్డ ముక్కలతో కుట్టింది. వాళ్ళు వచ్చే శుక్రవారం బయలుదేరుతున్నారు.