‘డిఫెక్టివ్ రిటర్న్’ అంటే మనమేదో దొంగతనం చేశామని కాదు

మా బాబాయి కొడుకు ఓ రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపాడు. కింద ఒక్కటే ముక్క: “అన్నయ్యా, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు పట్టేసుకున్నారు.” చూస్తే 139(9) సెక్షన్ కింద వచ్చిన నోటీసు. కోడ్‌లో ఎర్రర్ మెసేజ్‌ని ఎలా చదువుతామో దీన్నీ అలాగే ఒక్కో మాటా చదవాలి. భయపడటానికి తర్వాత టైముంది.

ముందు అసలుదో నకిలీదో తేల్చాలి. నోటీసు మీద ‘డిన్’ అని ఓ నంబరు ఉంటుంది. డాక్యుమెంట్ ఐడెంటిఫికేషన్ నంబర్, అంటే ఆ కాగితానికి ఆధార్ లాంటిది. మెయిల్‌లోని లింకు నొక్కకుండా పోర్టల్ మనమే తెరిచి, హోమ్ పేజీలో `Authenticate Notice/Order Issued by ITD` దగ్గర ఆ నంబరు కొడితే సంగతి తెలిసిపోతుంది. వాడిది అసలుదే.

ఇక మాటల అర్థాలు. ‘అసెస్‌మెంట్ ఇయర్ 2025-26’ అని ఉంటే, మాట్లాడుతున్నది 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా వచ్చిన సంపాదన గురించి. లెక్క చూసే ఏడాది వేరు, సంపాదించిన ఏడాది వేరు. మావాడు ఇక్కడే పొరబడి ఈ ఏడాది పేస్లిప్పులు తీసి కూర్చున్నాడు. ‘డిఫెక్టివ్’ అంటే లోపమున్నది అని, సరిదిద్దుకునే వీలుందని. ‘ఇన్‌వాలిడ్’ మాత్రం చెల్లనిది. నోటీసు అందాక 15 రోజుల్లో జవాబివ్వకపోతే మొదటిది రెండోదిగా మారుతుంది, అసలు రిటర్నే వేయనట్టు లెక్క. టైము చాలదనుకుంటే గడువు పెంచమని అడగొచ్చు.

లోపమేంటో కూడా అందులోనే రాశారు: టీడీఎస్ క్లెయిమ్ చేశారు, దానికి సంబంధించిన ఆదాయం చూపలేదు. అంటే ‘పన్ను కోశారు, ఆ డబ్బు నాది’ అంటున్నావు, ఏ జీతంలోంచి కోశారో ఆ జీతం మాత్రం కనిపించట్లేదు అని.

మావాడు 2024 సెప్టెంబర్ చివర్లో కంపెనీ మారాడు. పాతచోట ఆరు నెలలకు 6 లక్షలు, కొత్తచోట ఆరు నెలలకు 8 లక్షల 40 వేలు. రిటర్న్‌లో కొత్త కంపెనీ ఫారం 16 మాత్రమే ఎక్కించాడు. టీడీఎస్ మాత్రం ముందే నింపి ఉంది, రెండు కంపెనీలదీ కలిపి 63,310. కొత్త రెజీమ్‌లో 8 లక్షల 40 వేలలోంచి 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీస్తే 7,65,000, సెస్‌తో పన్ను 27,560. దాంతో 35,750 రీఫండ్ వస్తుందని చూపించింది, వాడు సంబరపడ్డాడు. ఆ అంకె సరిగ్గా పాత కంపెనీ కోసిన టీడీఎస్ అంతే! అంత పోలిక చూస్తే నాకైతే అనుమానం వచ్చేది.

రెండు జీతాలూ కలిపితే 14,40,000. 75 వేలు ఒక్కసారే తీస్తే 13,65,000. పన్ను 1,17,520. కోసింది 63,310 కాబట్టి ఇంకా 54,210 కట్టాలి, పైన వడ్డీ. ఎందుకింత తేడా? కొత్త కంపెనీకి పాత జీతం సంగతి తెలీదు. అది కూడా స్టాండర్డ్ డిడక్షన్ ఇచ్చి, మొదటి 3 లక్షలకు పన్ను లేకుండా, కింది స్లాబుల నుంచే లెక్కేసింది.

జవాబు రాసేముందు వాడితో ఓ ఫోల్డర్ చేయించాను. నోటీసు పీడీఎఫ్, వేసిన రిటర్న్ కాపీ, దాని అక్నాలెడ్జ్‌మెంట్. రెండు కంపెనీల ఫారం 16లు, పార్ట్ ఎ, పార్ట్ బి రెండూ ఉండాలి. పార్ట్ ఎలో ఎంత కోసి కట్టారో, పార్ట్ బిలో జీతం ఎలా లెక్కేశారో ఉంటుంది. పాత కంపెనీ హెచ్ఆర్ వెంటనే మెయిల్ చూడరు కాబట్టి ఆ పని మొదటిరోజే పెట్టుకోవాలి. అక్కడి చివరి సెటిల్‌మెంట్ స్లిప్ కూడా కావాలి. వాడని లీవులకిచ్చిన డబ్బు నెల పేస్లిప్పుల్లో ఉండకపోవచ్చు. పోర్టల్ నుంచి 26ఏఎస్, ఏఐఎస్ దించుకోవాలి. ఏఐఎస్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ చిన్న అక్షరాల్లో పాన్, వెంటనే పుట్టినరోజు ఎనిమిది అంకెల్లో. ఆఖర్న, జీతాలు పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్.

తర్వాత 26ఏఎస్‌లో ఒక్కో కంపెనీ పేరు ఎదురుగా ఉన్న మొత్తాన్ని ఫారం 16తో పోల్చాం. కలవకపోతే కంపెనీ వాళ్లు టీడీఎస్ స్టేట్‌మెంట్ సరిచేయాలి, మనం రిటర్న్‌లో అంకె మార్చేస్తే కుదరదు. మావాడికి రెండూ కలిశాయి. ఆ రాత్రికి అదే పెద్ద ఊరట.

`e-Proceedings`లో లోపం ఒప్పుకుంటావా, లేదా అని అడుగుతుంది. ఇక్కడ లోపం నిజమే కాబట్టి `Agree`. కాదనేవాళ్లు కారణం రాయాలి. ఒప్పుకున్నాక దిద్దిన రిటర్న్ పెట్టాలి, దానికి ముందే `e-Pay Tax`లో సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్ కింద బాకీ కట్టాలి. అసెస్‌మెంట్ ఇయర్ 2025-26 అనే ఎంచుకోవాలి. చలాన్‌లోని బీఎస్ఆర్ కోడ్, తేదీ, చలాన్ నంబరు రిటర్న్‌లో ఎక్కించాలి.

మావాడు కట్టేశాడు. ఈమధ్య మళ్లీ ఇంటర్వ్యూలకి తిరుగుతున్నాడు. ఆఫర్ వస్తే, చేరిన మొదటివారమే పాత జీతం వివరాలు కొత్త కంపెనీ పేరోల్ వాళ్లకి ఇవ్వమని చెప్పాను. “ఇస్తే నెలనెలా ఎక్కువ కోస్తారుగా అన్నయ్యా” అన్నాడు. అవును, కోస్తారు.