జవాబు కోసం రెండు సెకన్లు



2020 రంజాన్‌లో మా ఖాన్‌దాన్ అంతా ఎవరి ఇంట్లో వాళ్ళం ఖైదీలం. నేను ఖమ్మంలో, చిన్న మామూ కూడా ఖమ్మంలోనే కానీ ఊరికి అటు చివర, నానీ, ఖాలా పాల్వంచలో, పెద్ద మామూ కూనవరంలో. 2014లో కూనవరం ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయింది. మొదటిసారి ఆ సరిహద్దు మాకు నిజంగా కనిపించింది లాక్‌డౌన్‌లోనే. రాష్ట్రం దాటాలంటే ఇజాజత్ కావాలి.

ఒకరోజు ఇఫ్తార్ తర్వాత ఫోన్‌లో నానీ అంది: "బేటా, ఈద్‌కి మీ నానా నాటిక వినాలని ఉంది."

ఆ నాటిక 1986 వరద రాత్రిది. ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు ఎక్కింది. 53 అడుగులకే ఆఖరి ప్రమాద హెచ్చరిక ఇస్తారంటే, ఆ నీళ్ళు ఎంతటివో మీరే అందాజా వేసుకోండి. నాటికలో నీళ్ళు గుమ్మం దాకా వచ్చాక తమ్ముడు ఇల్లు వదిలి పదమంటాడు, అన్న రానంటాడు, మధ్యలో అమ్మీ. ఈద్ మిలాప్‌లలో ఏళ్ళ తరబడి అన్నగా పెద్ద మామూ, తమ్ముడిగా చిన్న మామూ వేసేవారు. అసలు ముష్కిల్ అక్కడే ఉంది. జాగా పంపకాల్లో మాట తేడా వచ్చి, ఆరేళ్ళుగా ఇద్దరికీ సలాం కూడా లేదు.

విడివిడిగా రికార్డు చేసి నేను అతికిస్తానంటే ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు కదా అనేమో.

నానా రాసిన పద్నాలుగు పేజీలు ఫోటోలు తీసి అందరికీ పంపేశాను. అదే నా మొదటి గలతీ. ఒకే వరండాలో నిలబడి ఆడేవాళ్ళ కోసం రాసిన కాగితం అది. ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడో, ఎంత గట్టిగా అంటున్నాడో, ఎక్కడ అడ్డు తగలాలో కళ్ళే చెప్పేవి. ఆ కళ్ళు లేనప్పుడు అవన్నీ కాగితం మీదికి రావాలి.

మూడో రోజు చిన్న మామూ నుంచి వాయిస్ నోట్లు ఒకటే వాన. నలభై దాకా ఉన్నాయి. పేర్లు చూస్తే `PTT-20200503-WA0012.opus` లాంటివి. వరద సీనులో తమ్ముడు ఐదుసార్లు "భాయ్‌జాన్" అంటాడు, ఒక్కోటీ ఒక్కో భావంతో. ఏది ఎక్కడిదో ఎలా తెలుస్తుంది? పొడుగు డైలాగులు వాటంతట అవే గుర్తు పడతాయి. ప్రాణం తీసేవి "ఊఁ", "రాను", "ఏమైంది" లాంటి పొట్టి మాటలే. రెండు సహరీల దాకా మేలుకుని కూడా సగమే కుదిర్చాను.

అప్పుడు స్క్రిప్టు మళ్ళీ రాయడానికి కూర్చున్నాను.

ముందు ప్రతి డైలాగుకీ ఒక నంబరు. మూడో సీను ఏడో మాట 307. ఒకసారి నంబరు వేశాక ఇక మార్చకూడదు. మధ్యలో కొత్త మాట కలిస్తే అది 307-ఎ అవుతుంది, అంతే. మార్చామంటే పాత రికార్డింగులన్నీ తప్పు నంబరు మోస్తాయి.

తర్వాత ఎవరి మాటలు ఎవరివో తేల్చాను. పాత్రలు ఏడు, గొంతులు ఐదు. కాబట్టి ఇద్దరు రెండేసి పాత్రలు వేయాలి. ఆ రెండు పాత్రలూ ఒకే సీనులో ఉండకూడదు, ఉంటే వినేవాళ్ళు ఆ ఆవాజ్ ఇట్టే పట్టేస్తారు. ఖాలూ రెండో సీనులో పొరుగింటాయన, నాలుగో సీనులో పడవ సరంగు అయ్యాడు. ఖాలా కూతురు మొదటి సీనులో పక్కింటి పాప, ఆఖరి సీనులో రేడియో వార్తలు. ఒక్కొక్కరికీ వాళ్ళ మాటలు మాత్రమే కత్తిరించి ఇవ్వలేదు. మొత్తం స్క్రిప్టు ఇచ్చి, వాళ్ళవి రంగు పూశాను. ముందు మాట తెలియనివాడు జవాబు చెప్పడు, పాఠం అప్పజెబుతాడు.

అన్నిటికంటే మెహనత్ అడ్డు తగిలే మాటల దగ్గర పట్టింది. నానా ఇలా రాశాడు:

తమ్ముడు: భాయ్‌జాన్, నీళ్ళు గుమ్మం దాకా వచ్చాయి. పద...
అన్న: నేను రాను.

వరండాలో అయితే పెద్ద మామూ ఆ "పద"ని సగంలోనే తెంపేవాడు. ఇంట్లో ఒక్కడే కూర్చుని చదివితే, ఆ చుక్కల దగ్గర ఎవరూ అడ్డు రారని గొంతుకి ముందే తెలుసు. అది మెల్లగా దిగి ఆగిపోతుంది. తెగినట్టు ఉండదు, మర్చిపోయినట్టు ఉంటుంది. దీనికి ఇలాజ్ ఒక్కటే. వాక్యం పూర్తిగా రాసి ఇవ్వాలి, కత్తెర నేను వేసుకోవాలి. కొత్త కాగితం ఇలా అయింది:

307. తమ్ముడు (గుమ్మం బయట, వాన మీదుగా అరుస్తూ): భాయ్‌జాన్, నీళ్ళు గుమ్మం దాకా వచ్చాయి. పద, ముందు అమ్మీని పడవ ఎక్కిద్దాం, సామాను తర్వాత చూద్దాం. (308 నీ "పద" మీద పడుతుంది. నువ్వు మాత్రం ఆగకుండా చివరిదాకా చెప్పు.)

308. అన్న (గది లోపల, కూర్చుని, తమ్ముడు పది గజాల దూరంలో ఉన్నాడు): నేను రాను.

అరిచే మాటలకు ఇంకో సూచన కూడా రాశాను. మామూలు మాటకి ఫోను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా ఉండాలి. తిన్నగా ఎదురుగా పెడితే "ప", "ఫ" అన్నప్పుడల్లా గాలి కొట్టి దబ్‌మంటుంది. అరిచేటప్పుడు మాత్రం రెండు అడుగులు వెనక్కి వెళ్ళాలి. జానెడు దూరంలో అరిస్తే ఆవాజ్ చిరిగిపోతుంది. చిరిగిన ఆవాజ్‌కి తర్వాత కుట్టు వేయలేం.

ఇక స్లేట్. సినిమా షూటింగుల్లో పలక పట్టుకుని టప్‌మని కొడతారే, అదే. మన దగ్గర పలక లేదు కాబట్టి నోటితో చెప్పాలి. కాగితం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఇలా రాశాను: "ఏరోప్లేన్ మోడ్ పెట్టు. ఫ్యాను ఆపు. రికార్డింగ్ నొక్కు. పాత్ర, నంబరు, టేకు చెప్పు: 'తమ్ముడు, 307, టేకు ఒకటి'. ఒక చప్పట్లు కొట్టు. మనసులో రెండు లెక్కపెట్టు. అప్పుడు మాట చెప్పు. చెప్పాక మళ్ళీ రెండు లెక్కపెట్టు. తప్పు పోతే ఆపొద్దు, రెండు చప్పట్లు కొట్టి టేకు నంబరు పెంచు. ఒక్కో మాట మూడు టేకులు."

చప్పట్లు ఎందుకంటే, ఆడాసిటీలో ఆవాజ్ గీతల్లా కనిపిస్తుంది. చప్పట్లు కొట్టినచోట తాటిచెట్టులా ఒకటి నిలువునా లేస్తుంది. వినకుండానే ఒకటి చూస్తే టేకు మొదలు, రెండు చూస్తే గలతీ. ఆ రెండు సెకన్లు ఎందుకంటే, చిన్న మామూ స్లేట్‌ని కూడా వరదలో మునుగుతున్నట్టే అరిచేవాడు, లేదా స్లేట్ చెప్పిన మామూలు గొంతుతోనే డైలాగు అనేసేవాడు. పేరు చెప్పేది మన గొంతు, మాట చెప్పేది పాత్ర గొంతు. ఒకటి దిగి ఇంకొకటి ఎక్కడానికి ఆ ఖామోషీ కావాలి. నాకూ కత్తెర పెట్టడానికి జాగా దొరుకుతుంది.

చివర ఇరవై సెకన్లు ఏమీ మాట్లాడకుండా గదిని మాత్రమే రికార్డు చేయమన్నాను. మాటల మధ్య పూర్తి నిశ్శబ్దం పెడితే ఫోను కట్ అయినట్టు ఉంటుంది, అందుకని ఆ గది ఖామోషీనే అక్కడ పరుస్తాం. ఫైలు వాయిస్ నోట్‌గా పంపితే నలిగిపోతుంది. రికార్డర్ యాప్‌లో డబ్ల్యూఏవీ పెట్టి, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపాలి. నిమిషానికి సుమారు 5 ఎంబీ అవుతుంది. కూనవరం సిగ్నల్‌కి అది భారమే, కాబట్టి పెద్ద మామూ ఒక్కో సీను వేరుగా పంపేవాడు. పేరు `S3_ANNA.wav`. పేరు ఎక్కడైనా మారిపోయినా ఫరక్ పడదు, స్లేట్ లోపల ఉందిగా.

నానీకి తెలుగు చదవడం రాదు. ఖాలా పక్కన కూర్చుని ఒక్కో మాట అందిస్తే తను చెప్పాలి. ఖాలా మాట పూర్తయ్యాక ఒక్క క్షణం ఆగాలి, లేకపోతే ఇద్దరి ఆవాజ్‌లు అంటుకుని విడదీయలేం. నానీ ఒక్క మాటకే ఐదు టేకులు ఇచ్చి, "ఏది ఖుబూల్ అయిందో చెప్పు" అనేది.

కొత్త కాగితంతో వచ్చిన రికార్డింగులు శుభ్రంగా ఉన్నాయి. మూడో సీను అతికించి విన్నాను. తమ్ముడు వానలో గొంతు చించుకుంటున్నాడు. అన్న దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని సాలన్ వద్దన్నట్టు "నేను రాను" అన్నాడు. కాగితం మీద దూరం రాశాను, కానీ తమ్ముడి గొంతులో ఉన్న భయం ఎంతో రాయలేకపోయాను. అది రాస్తే వచ్చేది కాదు. వినాలి.

కాబట్టి పద్ధతి మార్చాలి. సీనుని నడిపించేవాడిది ముందు రికార్డు చేసి, అందులో మంచి టేకు కత్తిరించి, రెండోవాడికి పంపాలి. అతను ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, అది వింటూ జవాబు చెప్పాలి. ఇయర్‌ఫోన్ ఆవాజ్ తక్కువ పెట్టుకోవాలి, లేకపోతే అది కూడా రికార్డు అవుతుంది. ఇంత చెప్పడం సులువే. కానీ దానర్థం పెద్ద మామూ ఆరేళ్ళ తర్వాత తమ్ముడి గొంతు చెవిలో పెట్టుకుని వినాలి, ఆ గొంతు "భాయ్‌జాన్" అంటుంది.

పంపాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు తరావీహ్ వేళకి ఫైలు వచ్చింది. "అన్న, 308, టేకు ఒకటి." చప్పట్లు. రెండు సెకన్లు. "నేను రాను." ఈసారి అది మొండితనంలా లేదు, భయపడుతున్న తమ్ముడి ముందు భయం దాచుకుంటున్న మనిషి మాటలా ఉంది. చివర్లో ఇరవై సెకన్ల ఖామోషీ. పదకొండో సెకను దగ్గర, తనలో తాను అనుకున్నట్టు: "వీడు ఇంకా ఆ 'పద'ని అలాగే లాగుతాడు."

అది నాటికలోది కాదు. నా దగ్గర అమానత్. ఫోన్ చేసి, "మామూ, చివర ఒక మాట పడింది. చిన్న మామూకి వినిపించనా?" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. "గది ఆవాజ్ ఇంకోసారి పంపుతాలే, నీకు కావాలిగా" అన్నాడు. తర్వాత, "అది నీ ఇష్టం" అన్నాడు.

ఆ పదకొండో సెకను కత్తిరించి, చిన్న మామూకి డాక్యుమెంట్‌గా పంపాను. ఏమీ రాయలేదు. మర్నాడు పొద్దున ఆయన నుంచి ఒక ఫైలు వచ్చింది. నేను అడగనిది. "తమ్ముడు, 307, టేకు నాలుగు." చప్పట్లు. రెండు సెకన్లు. ఆ "పద" ఈసారి ఇంకా పొడుగ్గా ఉంది.

నాటికలో ఆ నాలుగో టేకే పెట్టాను. మే 25న, ఈద్ నమాజ్ ఇంట్లోనే చదువుకుని, షీర్ ఖుర్మా తాగుతూ నానీ విన్నది అదే.