వస్తానని రాని రోజు తరువాత



గత నెలలో మన సహోదరుడొకరు ఫోన్ చేసి, "అయ్యగారూ, కూర్చుని మాటాడుకుందామని పిలిస్తే రాలేదు. మళ్ళీ మనమే పిలిస్తే లోకువైపోమా?" అని అడిగారు. ఆ పూట రెండు మాటలు చెప్పి ఫోన్ పెట్టేశాము గాని, మాకే సరిపెట్టుకున్నట్టు అనిపించలేదు. అందుకని మా చేతుల మీదుగా జరిగిన ఒక సంగతి ఇక్కడ రాస్తున్నాము. ఇందులో ఉన్న అన్నదమ్ములిద్దరినీ అడిగే రాస్తున్నాము. పేర్లు మాత్రం చెప్పము.

ఊరు బొబ్బిలికి దగ్గర. తండ్రి వదిలి వెళ్ళినది ఎకరం ముప్పై సెంట్ల మెట్ట, ఒక పెంకుటిల్లు. అన్నగారు ఊళ్ళోనే వ్యవసాయం. తమ్ముడు గాజువాకలో సెంట్రింగు పని. తల్లి జబ్బు పడి పోయిన తరువాత ఇద్దరికీ మాటలు ఆగిపోయి నాలుగేళ్ళయింది. ఎలాగో ఇద్దరినీ ఒప్పించి, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మధ్యాహ్నం మూడు గంటలకు మా ఇంట్లో కూర్చుందామని అనుకున్నాము.

మూడు గంటలకు అన్నగారు, ఆయన భార్య, ఇద్దరు సంఘ పెద్దలు వచ్చి కూర్చున్నారు. తమ్ముడు రాలేదు. మూడున్నరయింది. నాలుగయింది. అన్నగారు చేతి గడియారం చూసుకుని, "సూసారా అయ్యగారూ, రాలేదంటే తప్పు ఆడిదేనని ఆడే ఒప్పేసుకున్నట్టు. ఫలానా తేదీని పిలిచినా రాలేదని ఓ కాగితం రాసి పెద్దల సంతకాలెట్టండి" అన్నారు.

మేము రాయలేదు. ఆయనకు కోపం వచ్చింది. కాని ఆ కాగితం రాసి ఉంటే, తరువాత మనం పంపే ప్రతి కబురూ పిలుపు కాక నోటీసు అయ్యేది. లేని మనిషి గురించి ఉన్నవాళ్ళం నలుగురం కూర్చుని ఒక్క మాట తేల్చినా, రెండోసారి అతను వచ్చేది మాట్లాడడానికి కాదు, తేలిపోయిన మాటకు తల వంచడానికి. ఎవరు వస్తారు అలాగ? అందుకని టీ ఇచ్చి, ప్రార్థన చేసి, నాలుగుంబావుకు పంపించేశాము. కారణం తెలిసేవరకు ఈ సంగతి బయట అనవద్దని బతిమాలాము. అయినా సాయంత్రానికల్లా పెద్దల్లో ఒకరు కిరాణా కొట్టు దగ్గర అననే అన్నారు. ఆ మాట మా ఫోన్ కంటే ముందే గాజువాక చేరిందని తరువాత తెలిసింది.

రాత్రి ఎనిమిదికి ఫోన్ చేశాము. ఎత్తలేదు. ఒక్కసారే చేశాము. అయిదారు మిస్డ్ కాల్స్ కనబడితే మనిషికి అప్పులవాళ్ళు గుర్తొస్తారు. తరువాత ఇలా మెసేజి పెట్టాము:

"తమ్ముడూ, వందనాలు. ఈ రోజు మీ కోసం చూశాము. మీరు, పిల్లలు క్షేమమే కదా? ఈ రోజు భూమి గురించి మాటలేమీ జరగలేదు, కాగితమేమీ రాయలేదు. వీలు చూసుకుని ఫోన్ చేయండి. రాత్రి తొమ్మిది వరకు మెలకువగానే ఉంటాము."

మొదట క్షేమం అడగడం మాకు పుట్టుకతో వచ్చిన మంచితనం కాదండి. 2023 అక్టోబరు 29 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆదివారమే అది. కంటకాపల్లి, అలమండల మధ్య రాయగడ పాసింజరు వెనకనుంచి పలాస పాసింజరును ఢీకొట్టింది. ఆ రోజు సాయంత్రం విశాఖ నుంచి ఒకతను మా ఇంటికి రావాలి. వేళ దాటిపోయింది. మేము "ఏమండీ, మరచిపోయారా, మేము గుర్తులేమా?" అని వెటకారంగా మెసేజి పెట్టాము. అరగంటకు ఊళ్ళో గగ్గోలు. అతను ఆ బండి ఎక్కలేదు, వెనక బండిలో కొత్తవలసలో ఆగిపోయి తెల్లవారుజామున ఇల్లు చేరాడు. కాని ఆ కబురు తెలిసేవరకు ఫోన్లో మా మెసేజిని మేమే చూసుకుంటూ గడిపిన గంటలు మరచిపోలేము. అప్పటినుంచి రాని మనిషికి మా మొదటి మాట క్షేమం గురించే. రెండో మాట, "మీరు లేకుండా ఏమీ జరగలేదు" అని. ఎందుకు రాలేదని మాత్రం రాతలో అడగము. రాతలో అడిగితే మనిషి అబద్ధం వెతుక్కోవలసి వస్తుంది. ఒకసారి అబద్ధం చెప్పినవాడు రెండోసారి మన ముఖం చూడలేడు.

మెసేజి చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. తొమ్మిది రోజులు అలాగే గడిచాయి. వాళ్ళ అప్పతో కబురు పెడదామా అనుకున్నాము. మా శ్రీమతి వద్దన్నారు. చుట్టాల చేత కబురు పంపితే అది ఒకరి నోటినుంచి ఒకరికి వెళ్ళేసరికి "అయ్యగారు కోపంగా ఉన్నారు" అని మారిపోతుందని. నిజమే.

పదో రోజున కేజీహెచ్‌లో ఉన్న మన సంఘస్థురాలిని చూడడానికి విశాఖ వెళ్ళవలసి వచ్చింది. ముందు రోజు తమ్ముడికి, "రేపు ఆసుపత్రికి వస్తున్నాము. సాయంత్రం మీ వైపు వచ్చి ఓ టీ తాగి వెళ్ళమంటారా? భూమి మాట ఎత్తము" అని పెట్టాము. గంటకు "రండి అయ్యగారూ" అని వచ్చింది. చెప్పినట్టే భూమి మాట మేము ఎత్తలేదు. టీ సగం తాగాక అతనే ఎత్తాడు.

"నాను రాలేదని ఎవులన్నారు? రామభద్రపురం దాకా వచ్చాను" అన్నాడు.

తల్లి ఆసుపత్రి ఖర్చు అంతా అన్న పెట్టాడట. వచ్చేటప్పుడు ఇరవై వేలు తెస్తానని వదినకు మాటిచ్చాడట. మేస్త్రీ ఆ వారం పేమెంటు ఇవ్వలేదు. చేతిలో ఉన్నది బస్సు చార్జీ. సంఘ పెద్దల ముందు వదిన ఆ మాట అడిగితే ఏం చెప్పాలని రామభద్రపురంలో దిగి, ఓ టీ తాగి, గంటసేపు జంక్షన్‌లో నిలబడి, ఎదురు బస్సెక్కి వెళ్ళిపోయాడు. మేము అతని కోసం గడియారం చూస్తున్న గంటా అదే.

అప్పుడు మాకు మా పిలుపులోని లోపం కనబడింది. అన్న తరఫున అటు నలుగురు, ఇటు అతనొక్కడు. చోటు చూస్తే అన్న ప్రతి వారం వచ్చే గుడి పక్క ఇల్లు. వేళ చూస్తే ఆరాధన అయ్యి ఊరంతా అరుగుల మీద ఉండే వేళ. పైగా "పెద్దలు కూడా ఉంటారు" అని ధైర్యం చెబుతున్నట్టు మేమే అన్నాము. అతనికి అది పంచాయితీలాగే వినబడింది. రాని మనిషిని అదే చోటికి, అదే వేళకి, అదే మనుషుల మధ్యకి మళ్ళీ పిలిస్తే రెండోసారి కూడా కుర్చీ ఖాళీయే. "ఎలాగైతే మీకు రావడం తేలిక?" అని అడిగాము. గజపతినగరంలో వాళ్ళ అప్ప ఇంట్లో అయితే వస్తానన్నాడు. ఇద్దరికీ అది దారి మధ్యలో ఉంటుంది. పెద్దలు వద్దు, డబ్బు మాట మొదట తనే చెబుతాడు. తేదీ కూడా అతన్నే చెప్పమన్నాము. మేస్త్రీ పేమెంటు ఇచ్చే శనివారం దాటాక వచ్చే ఆదివారం అన్నాడు.

ఇక్కడ ఒక మాట. అందరి విషయంలోనూ ఇలా అవుతుందని అనుకోవద్దు. మన వైపు మనిషి "చూద్దాం లెండి అయ్యగారూ" అంటే చాలాసార్లు అది కాదనడమే, మర్యాద కోసం అలా అంటారు. తేదీ తనంతట తను చెబితే గాని వచ్చే ఉద్దేశం ఉన్నట్టు కాదు. మేము రెండుసార్లు పిలుస్తాము. రెండోసారీ "చూద్దాం" అంటే, "మీకు ఎప్పుడనిపిస్తే అప్పుడు, మేము ఉంటాము" అని చెప్పి ఊరుకుంటాము. ఆ తరువాత వాళ్ళింట పెళ్ళికో చావుకో మామూలుగా వెళ్ళి వస్తాము, ఆ సంగతి ఎత్తకుండా. మేము కొత్తగా పరిచర్యలోకి వచ్చిన రోజుల్లో ఇది తెలియక, గృహకూడికకు పిలిచి తలుపు వేసుకు వెళ్ళిపోయిన ఒక కుటుంబాన్ని ప్రసంగంలో పేరు ఎత్తకుండా పొడిచాము. పేరు ఎత్తకపోయినా అందరికీ తెలిసింది. రెండేళ్ళు వాళ్ళు గుడిమెట్లు ఎక్కలేదు. తప్పు మాది.

పౌలు సంగతి చూడండి. కొరింథుకు వస్తానని రాలేకపోయాడు. అక్కడివారు అతనిది నిలకడ లేని మాట అనుకున్నారు. నొప్పించకూడదనే రాలేదని అతను ఉత్తరంలో విడమరచి చెప్పుకోవలసి వచ్చింది. ఆ ఉత్తరంలోనే, త్రోయలో తీతు కనబడక తన మనసుకు నెమ్మది లేకపోయిందనీ, అతని కోసం మాసిదోనియకు బయలుదేరాననీ రాశాడు. ఒకచోట రానివాడు తనే, ఇంకోచోట ఎదురుచూసినవాడూ తనే.

సరే, గజపతినగరం. అన్నగారిని ఒప్పించడం తమ్ముడి కంటే కష్టమైంది. "మొన్న రానోడి కోసం నానెందుకెల్లాలి?" అన్నారు. రామభద్రపురం సంగతి మేము చెప్పలేదు, అది తమ్ముడు చెప్పుకోవలసిన మాట. "అతను వచ్చినప్పుడు మొన్న ఎందుకు రాలేదని మాత్రం మీరు అడగవద్దు, అదొక్కటి మా కోసం" అన్నాము. శనివారం రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి, "తప్పకుండా వస్తారు కదా" అనలేదు. "ఏ బస్సుకు బయలుదేరుతున్నారు?" అన్నాము. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మనిషి ప్రయాణం గురించి ఆలోచించాలి. ఏడున్నర బస్సన్నాడు.

నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. ఆ నలభై నిమిషాలూ అన్నగారు రెండుసార్లు చెప్పులు వేసుకున్నారు, వాళ్ళ అప్ప రెండుసార్లు విప్పించింది. తమ్ముడు గుమ్మంలో నిలబడగానే అన్నగారు తల ఎత్తి, "తిన్నావేటి?" అన్నారు.

ఆ రోజు భూమి తేలలేదు. తల్లి ఆసుపత్రి ఖర్చు రాసిన నోటుబుక్కు ఒక్కటే చూశారు. తమ్ముడు ఎనిమిది వేలు ఇచ్చాడు, రామభద్రపురం సంగతి తనే చెప్పాడు. అన్నగారు చాలాసేపు మాటాడలేదు. సర్వేయరును పిలిచి కొలిపించడం సంక్రాంతి దాటాక అనుకున్నారు. అనుకున్న తేదీకి నాలుగు రోజుల ముందు తమ్ముడి దగ్గరనుంచి ఫోన్ వచ్చింది. "అయ్యగారూ, స్లాబు పని పడింది, ఆ రోజు రాలేను. మరుసటి ఆదివారం ఎట్టండి. అన్నకి నానే సెప్పాను" అన్నాడు.