గంటన్నర తెలుగు పాఠానికి తొమ్మిది గుమ్మాలు

మన బెంగళూరు తెలుగువాళ్ల కోసం తీసిన 'కన్నడ చదవడం వచ్చినవారికి తెలుగు లిపి' వీడియో గురించి ఈ నెల గ్రూపులో చాలామంది ఒకే సంగతి అడిగారు. పాఠం బాగుంది, కానీ కావలసిన చోటు ఎలా దొరుకుతుంది అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, ఆ వీడియోకి చాప్టర్లు ఎలా పెట్టామో, ఎందుకలా పెట్టామో ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి.

వీడియో నిడివి గంటా ఇరవై నాలుగు నిమిషాలు. అంతసేపు ఒక్క బిగిన కూర్చుని చూసేవాళ్లు తక్కువ. కోలారులో ఉండే మా మామయ్యనే తీసుకోండి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది కన్నడం. ఫోన్ చేసి, "ఏమప్పా, అక్షరాలు సగానికి సగం నాకు వస్తాయి గదా. ఆ దీర్ఘం ఒక్కటే తికమకగా ఉంది. అది ఎన్నో నిమిషంలో చెప్పినారు?" అని అడిగాడు. ఆయనకు పాఠమంతా అక్కర్లేదు, ఒక్క ముక్క చాలు. ఆ ముక్క ఎక్కడుందో చెప్పే పలకే చాప్టరు.

చాప్టర్లు పెట్టడానికి వేరే సాఫ్ట్‌వేరు ఏమీ వద్దు. యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో తెరిచి, కింద వివరణ రాసే పెట్టెలో ఒక్కో వరసకి ఒక సమయం, దాని పక్కనే ఒక పేరు రాసి సేవ్ చేస్తే చాలు. దీనికి మూడు నియమాలున్నాయి. మొదటి సమయం తప్పకుండా 0:00 కావాలి. సమయాలు వరస క్రమంలో, కనీసం మూడు ఉండాలి. ఏ చాప్టరూ 10 సెకన్ల కంటే చిన్నది కాకూడదు. వీటిలో ఏది తప్పినా, రాసిన సమయాలు నొక్కితే పనిచేసే నీలం లింకులుగా కనిపిస్తాయి కానీ వీడియో కింది గీత ముక్కలుగా విడిపోదు. పని అయిందో లేదో తెలుసుకోవడానికి అదే గుర్తు. ఆ గీతలో చిన్న చిన్న ఖాళీలు కనబడితే చాప్టర్లు పడ్డట్టు, గీత ఏకంగా ఉంటే పడనట్టు. ఎక్కువగా మరిచిపోయేది ఆ 0:00 వరసనే.

నియమాలకు రెండు నిమిషాలు చాలు. అసలు ఆలోచించాల్సింది పేర్ల దగ్గర. కమిటీలో ముగ్గురం కూర్చున్నప్పుడు మొదట తేలాల్సిన ప్రశ్న, పేర్లు ఏ లిపిలో రాయాలి అన్నది. తెలుగు పాఠం కాబట్టి తెలుగులోనే రాద్దామని ఒకరన్నారు. దానికి మా అక్క, "తెలుగు చదవడం రానివాళ్ల కోసమే కదా ఈ పాఠం. వాళ్లు గుమ్మం మీది పలక ఎలా చదువుతారు?" అంది. ఆ మాటతో తేలిపోయింది. కన్నడ లిపిలో రాయవచ్చు. కానీ హోసూరులోనూ చెన్నైలోనూ ఉన్న మనవాళ్ల పిల్లలకు కన్నడం రాదు, వాళ్లు వెతికేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు మాటలు కొడతారు. మన బెంగళూరు పిల్లలూ అంతే. అందుకని అందరూ చదవగల అక్షరాల్లో, అందరూ వెతికే మాటలతో ఈ పట్టిక తయారైంది:

```
0:00 What is in this lesson
2:10 Telugu letters same as Kannada
14:35 Talakattu - the tick on top
21:50 Ka, Ta, Sha - letters that differ
36:20 Gudi and gudi deergham (ki, kee)
48:05 Ka gunintham - full
1:01:40 Vottulu - letters written below
1:13:15 Wedding card - common words
1:17:05 Reading a wedding card
```

ఇందులో 'పార్ట్ వన్', 'పార్ట్ టూ' అని ఎక్కడా లేదు చూడండి. 'పార్ట్ త్రీ'లో ఏముందో చెప్పిన టీచరమ్మకు తెలుసు, చూసేవాళ్లకు తెలియదు. వెతికే యంత్రానికీ తెలియదు. 36:20 దగ్గరున్న పేరు మా మామయ్య అడిగిన ప్రశ్నకు జవాబు. కన్నడంలో 'కీ' రాసేటప్పుడు గుడి పెట్టి, పక్కన దీర్ఘం గుర్తు విడిగా పెడతారు. తెలుగులో పక్కన ఏమీ రాదు, పైనున్న గుడి రూపమే మారుతుంది. కన్నడానికి అలవాటుపడ్డ కన్ను ఆ గుర్తు కోసం అక్షరం పక్కన వెతుకుతుంది, కనబడక 'కీ'ని 'కి' అని చదువుతుంది. ఆ తికమక ఏమిటో పేరులోనే కనబడాలని బ్రాకెట్లో ఆ రెండు శబ్దాలూ రాశాం. ముఖ్యమైన మాట పేరు మొదట్లోనే రావాలి. ఫోన్లో చోటు తక్కువ, పొడుగాటి పేరు సగంలో తెగిపోతుంది.

సమయం ఎక్కడ పెట్టాలన్నదీ ఆలోచించే చేశాం. చివరి రెండు వరసలు చూడండి. టీచరమ్మ పెళ్లిపత్రిక గురించి మొదలుపెట్టేది 1:13:15కి. మొదటి నాలుగు నిమిషాలూ 'శుభముహూర్తం', 'చిరంజీవి', 'ఆహ్వానం' లాంటి మాటలు బోర్డు మీద రాసి చూపిస్తారు. పత్రిక తెర మీదికి వచ్చేది 1:17:05కి. పత్రిక చదవడం అని పేరు చూసి నొక్కినవాళ్లకు పత్రిక వెంటనే కనబడాలి. అందుకే ఒక్కటిగా ఉంచకుండా రెండు గుమ్మాలు పెట్టాం. ప్రతి సమయాన్నీ మాట మొదలవడానికి ఒకటి రెండు సెకన్ల ముందుకి జరిపాం, లేకపోతే మొదటి పదం మింగేసినట్టు వినిపిస్తుంది. ఒక్కో అక్షరానికి ఒక చాప్టరు పెట్టమని కొందరు అడిగారు. కొన్ని అక్షరాలు 10 సెకన్లలోపే అయిపోతాయి కాబట్టి నియమమే ఒప్పుకోదు. అదీ కాక, యాభై ముక్కలైన గీత మీద వేలు పెడితే ఏ ముక్క మీద పడిందో తెలియదు.

ఇక వెతకడం సంగతి. వివరణలో రాసిన ఈ సమయాలనీ పేర్లనీ గూగుల్ చదవగలదు. ఎవరైనా వెతికినప్పుడు మన వీడియో ఫలితాల్లోకి వస్తే, దాని కింద ఈ ఘట్టాల పేర్లు విడివిడిగా చూపించే వీలుంది. నొక్కితే నేరుగా ఆ నిమిషానికే వెళతారు. సమయం, పేరు ఒకే వరసలో ఉండాలి, ఒక్కో జత కొత్త వరసలో ఉండాలి అన్నది ఇక్కడ ముఖ్యం. అయితే పెట్టినంత మాత్రాన గూగుల్ చూపించి తీరుతుందన్న హామీ లేదు. వీడియో పేరూ బొమ్మా సరిగా లేకపోతే చాప్టర్లు ఒక్కటే దాన్ని పైకి లాగలేవు. చాప్టర్ల వల్ల అయ్యే పని వేరు. 'తెలుగు లిపి' అని వెతికేవాళ్లకే కాక, 'గుణింతం' అనో 'ఒత్తులు' అనో వెతికేవాళ్లకు కూడా ఇదే వీడియో జవాబు కాగలదు. ఒకే ఇంటికి తొమ్మిది వీధుల నుంచి దారి వేసినట్టు.

చూసేవాళ్లు నిలుస్తారా లేదా అన్నదాని మీద మన కమిటీలోనే వాదన వచ్చింది. చాప్టర్లు పెడితే జనం గెంతుకుంటూ పోతారు, సగటున చూసే శాతం పడిపోతుంది అని ఒకరి భయం. అందులో నిజం లేకపోలేదు. లెక్క వేసి చూడండి. గుణింతం చాప్టరు 48:05 నుంచి 1:01:40 వరకు, అంటే పదమూడున్నర నిమిషాలు. ఒకరు వచ్చి అది మాత్రం పూర్తిగా చూసి, నేర్చుకుని వెళ్లారనుకోండి. 84 నిమిషాల వీడియోలో అది 16 శాతం. శాతం చూస్తే పాఠం నచ్చలేదేమో అనిపిస్తుంది. కానీ చాప్టర్లు లేకపోతే ఆ మనిషి మూడు నిమిషాలు ముందుకీ వెనక్కీ జరిపి, దొరక్క వెళ్లిపోయేవాడు. అది 4 శాతం కూడా కాదు. కాబట్టి ఇంత పొడుగు పాఠానికి శాతాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. సగటున ఎన్ని నిమిషాలు చూస్తున్నారన్నది కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

అంతకన్నా ఎక్కువ చెప్పేది స్టూడియోలో అనలిటిక్స్ కింద కనబడే గ్రాఫ్. వీడియోలో ఏ క్షణాన్ని ఎంతమంది చూశారో అది గీసి చూపిస్తుంది. మామూలుగా గీత మెల్లగా కిందికి దిగుతూ ఉంటుంది. చాప్టరు మొదలయ్యే చోట గీత మెట్టులా పైకి లేస్తే, జనం ఆ గుమ్మంలోంచే లోపలికి వస్తున్నారని అర్థం. అలా లేచి అర నిమిషంలోనే మళ్లీ పడిపోతే, పేరు చెప్పింది ఒకటి, లోపల దొరికింది ఇంకొకటి అన్నమాట. అప్పుడు పేరన్నా మార్చాలి, సమయమన్నా జరపాలి. చాప్టరు మధ్యలో ఎక్కడైనా గుట్టలా లేస్తే, అక్కడ జనం వెనక్కి తిప్పి మళ్లీ చూస్తున్నారు, లేదా ఆ చోటుని ఎవరికైనా పంపిస్తున్నారు.

మన వీడియోలో అలాంటి గుట్ట ఒకటి ఒత్తుల చాప్టరు మధ్యలో, 1:06:30 దగ్గర కనబడింది. అక్కడ ఏముందా అని చూస్తే, టీచరమ్మ 'సూర్య', 'ధర్మ' అనే మాటలు రాస్తున్నారు. కన్నడంలో ఇలాంటి చోట 'ర'కు బదులు అర్కావత్తు వేస్తారు, అదీ తర్వాతి అక్షరం రాశాక దాని పక్కన. మన పాత తెలుగులో దాన్నే వలపలగిలక అనేవారు, ఇప్పటి అచ్చులో అది దాదాపుగా లేదు. 'ర' పూర్తిగా రాసి, కింద ఒత్తు ఇస్తాం. కన్నడం చదివినవాళ్లందరూ ఆగి వెనక్కి తిప్పుకుంటున్నది సరిగ్గా అక్కడే. వాళ్లకు అది ఇంత కష్టమని మనకు చెప్పింది ఆ గీతే. వెంటనే పట్టికలో ఇంకో వరస చేరింది:

```
1:06:30 Surya, Dharma - no arkavattu in Telugu
```

అలా ఇప్పుడు గుమ్మాలు పది. వచ్చే పాఠంలో ఈ ఒక్క విషయానికే విడిగా సమయం ఇద్దామని టీచరమ్మ కూడా అన్నారు.

జాగ్రత్త ఒకటి ఉంది. వీడియో ఎక్కించాక స్టూడియోలోనే మొదట్లోనో మధ్యలోనో ఒక ముక్క కోస్తే, వివరణలోని సమయాలు వాటంతట అవి మారవు. ముందు ఒక నిమిషం తీసేస్తే, దాని తర్వాతి చాప్టర్లన్నీ ఒక నిమిషం ఆలస్యంగా తెరుచుకుంటాయి. కోత ఏదున్నా ముందే ముగించి, సమయాలు చివర్లో రాయాలి.

సభ్యులను అడిగేది రెండు పనులు. గ్రూపులో ఎవరైనా గుణింతం గురించి అడిగితే మొత్తం వీడియో లింకు పంపకండి. లింకు చివర `?t=2885` చేరిస్తే అది 48:05 దగ్గరే తెరుచుకుంటుంది (48 నిమిషాల 5 సెకన్లు అంటే 2885 సెకన్లు). లింకులో ముందే ప్రశ్నార్థకం ఉంటే `&t=2885` అని రాయాలి. రెండోది, పాఠం చూసేటప్పుడు మీరు ఏ నిమిషంలో ఆపి వెనక్కి తిప్పారో కామెంట్లో రాయండి. గ్రాఫ్ చోటు చూపిస్తుంది కానీ అక్కడ ఏం అర్థం కాలేదో చెప్పదు. అది మీరే చెప్పాలి.